పాపకి ఆర్‌ఎస్‌వీ పాజిటివ్, అత్తగారికి నెగెటివ్.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి రెండున్నర నెలలు. మూడు రోజులుగా జలుబు, దగ్గు. టెస్ట్‌లో ఆర్‌ఎస్‌వీ అన్నారు కానీ యాంటీబయాటిక్ ఇవ్వలేదు. మా అత్తగారికి 76 ఏళ్లు, ఆస్తమా ఉంది, ఆవిడకీ దగ్గే, కిట్ టెస్ట్ మాత్రం నెగెటివ్. భయంగా ఉంది.

జవాబు: యాంటీబయాటిక్ ఇవ్వకపోవడం కరెక్టేనమ్మా, ఇది వైరస్, వాటికి లొంగదు. ఇది ముందు ముక్కులో మొదలై తర్వాత ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాల్లోకి దిగుతుంది, అక్కడ వాపు వచ్చి కఫం చేరుతుంది, పసిపిల్లలకి ఆ గొట్టాలు మరీ సన్నం కాబట్టి కొంచెం వాపుకే ఆయాసం వచ్చేస్తుంది. మామూలుగా మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య బాగా ముదురుతుంది, అందుకే ఇవాళ పర్లేదనిపించినా ఈ రెండు మూడు రోజులు జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి.

పాప నిద్రపోతున్నప్పుడు పొట్ట మీద బట్ట తీసి ఊపిరి లెక్కపెట్టండి, పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు కాబట్టి నిమిషం మొత్తం చూడాలి. 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, పక్కటెముకల కింద లోపలికి గుంజుతున్నా, పాలు రోజూ తాగేదాంట్లో సగం కూడా తాగకపోయినా, ఉచ్చ బాగా తగ్గినా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగినట్టు అనిపించినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, అది అర్ధరాత్రైనా సరే. ఇంట్లో అయితే పాలకి ముందు సెలైన్ చుక్కలు వేసి ముక్కు క్లీన్ చేయండి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. దగ్గు సిరప్‌లు వద్దు.

అత్తగారి నెగెటివ్‌ని మాత్రం నమ్ముకోకండి. పెద్దవాళ్ల ముక్కులో ఈ వైరస్ చాలా తక్కువగా ఉంటుంది, పిల్లల్లో బాగానే పట్టుకునే ర్యాపిడ్ కిట్ పెద్దవాళ్లలో చాలాసార్లు మిస్ అవుతుంది, పీసీఆర్ చేయిస్తేనే నమ్మకం. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇది న్యుమోనియా దాకా వెళ్లొచ్చు, కాబట్టి ఇన్‌హేలర్ మామూలు కంటే ఎక్కువసార్లు వాడాల్సొస్తున్నా, నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తున్నా రిపోర్ట్ కోసం చూడకుండా డాక్టర్‌కి చూపించండి. అప్పటిదాకా పాపని ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మాస్క్ పెట్టుకోవాలి, ముద్దులు వద్దు.

ఇదంతా ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2019 లెక్క ప్రకారం ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు దాదాపు లక్ష మంది దీనివల్ల చనిపోయారు, అందులో సగానికి దగ్గరగా ఆరు నెలలలోపు వాళ్లే.

అత్తగారు కోలుకున్నాక పెద్దవాళ్లకిచ్చే ఆర్‌ఎస్‌వీ వ్యాక్సిన్ గురించి అడగండి, 2023 నుంచి ఉంది, ఒక్క డోసే. ఒకసారి వచ్చిపోయినా మళ్లీ రాదని లేదు. ఆ వ్యాక్సిన్ చిన్నపిల్లలకి వేసేది కాదు, వాళ్లకి నిర్సెవిమాబ్ అని తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ ఉంది, ఒక్కసారి వేస్తే ఐదు నెలల దాకా కాపాడుతుంది. మళ్లీ ప్రెగ్నెన్సీ వస్తే చివరి నెలల్లో మీరే వ్యాక్సిన్ వేయించుకోవచ్చు, కానీ కాన్పుకి కనీసం రెండు వారాల ముందు పడాలి, లేకపోతే బిడ్డకి యాంటీబాడీలు సరిపడా చేరవు.