ముత్తాత పై వరుసలో, తాతమ్మ కింది వరుసలో: వంశవృక్షం చదివే తీరు

"మా పాప పూర్వీకుల మీద వ్యాసం రాస్తోంది. ఫోటోలోని వంశవృక్షంలో ముత్తాత పై వరుసలో, తాతమ్మ కింది వరుసలో ఉన్నారు. ఆమె ఆయన భార్యా, కూతురా?"

భార్యేనండీ, చాలావరకు మేనమామను చేసుకున్న పెళ్లి. గీతలు చూస్తే తేలిపోతుంది.

పాప చేత తాతమ్మ పేరు మీద వేలు పెట్టించండి. పక్కకు వెళ్లే గీత, మామూలుగా జంట గీత, పెళ్లిది. పైకి వెళ్లేది పుట్టుకది. అది అమ్మానాన్నల పెళ్లిగీత మధ్యలో కలుస్తుంది. తాతమ్మ నుంచి పైకెళ్లిన గీత ముత్తాత అక్క పెళ్లిగీతకు చేరితే, ఆమె ఆయనకు మేనకోడలు. కూతురైతే అది ఆయన పెళ్లిగీతకే చేరాలి. వరుస తేడా వల్ల ఇక్కడ జంట గీత ఏటవాలుగా ఉంటుంది.

తరాలు పాప నుంచే లెక్కించండి: పాప 1, నాన్న 2, తాత 3, ముత్తాత 4. ముత్తాత అమ్మానాన్నలు ఆయన వైపు నుంచి 5వ తరం. తాతమ్మ వైపు నుంచి చూస్తే ఆమె 4, వాళ్లమ్మ 5, ఆపైన అదే దంపతులు 6! పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. వ్యాసంలో వాళ్లను ఒక్కసారే రాసి, "రెండు దారుల్లో మాకు పూర్వీకులు" అని చేర్చమనండి.

ఫోటోలో కాగితం మడత కూడా గీతలా కనిపిస్తుంది. అది అక్షరాల మీదుగా సాగిపోతుంది. అసలు గీత పేరు దగ్గర ఆగుతుంది. ఒరిగిన ఫోటోను ముందు నిటారుగా తిప్పుకోండి, లేకపోతే ఒకే తరం వాళ్లు కూడా హెచ్చుతగ్గుల్లో కనిపిస్తారు.