టెక్ సందేహాలు: ముప్పై ఎనిమిది స్లైడ్ల రొయ్యల పాఠం

"భీమవరం చుట్టుపక్కల వనామీ రైతుల సమావేశాల్లో చెరువు నీరు, మేత గురించి పీపీటీతో వివరిస్తుంటాను. 38 స్లైడ్లున్నాయి. వెనక వరుసల వారు అక్షరాలు కనబడడం లేదంటారు, ముందున్న వారు వినడం మాని ఫోన్లతో ఫొటోలు తీస్తారు, చివర అందరూ ఆ ఫైలునే వాట్సాప్ గ్రూపులో పెట్టమంటారు. ఏది తెర మీద ఉంచాలి, ఏది కాగితం మీద ఇవ్వాలి, ఏది నోటితో చెబితే చాలు?" – ఒక పాఠకుడు, వీరవాసరం మండలం

ఇటువంటి ఉత్తరాలు ఈ శీర్షికకు తరచుగా వస్తున్నాయి. వాటిలో చాలావరకు యానిమేషన్ల గురించి అడుగుతాయి గాని, మీరు అసలు సంగతి అడిగారు. సమాధానంలో సగం మీ శ్రోతలే ఇచ్చేశారు కూడా. ఏ స్లైడ్ రాగానే ఫోన్లు పైకి లేస్తున్నాయో ఆ స్లైడ్ తెర మీద ఉండవలసినది కాదు, కాగితం మీద ఉండవలసినది. ఆ అంకెలతో రైతుకు పని పడేది మీ సమావేశంలో కాదు, రేపు ఉదయం చెరువు గట్టు మీద. వచ్చే సమావేశంలో ఒకరిని పక్కన కూర్చోబెట్టి, ఫొటోలు తీసిన స్లైడ్ల సంఖ్యలు రాసుకోమనండి. మీ హ్యాండౌట్ విషయసూచిక దాదాపు తయారైనట్లే.

నీటిలో కరిగిన ఆక్సిజన్ సంగతినే తీసుకుందాం. ఈ పాఠానికి తెర మీద ఒక్క గీత చాలు. ఉదాహరణకు ఒక చెరువులో సాయంత్రం నాలుగు గంటలకు లీటరుకు 9 మిల్లీగ్రాములున్న ఆక్సిజన్ రాత్రి పదికి 6కు, తెల్లవారుజామున ఐదుకు 3కు దిగుతుందనుకోండి. పడిపోతున్న ఆ వంపును, 4 దగ్గర అడ్డంగా ఒక ఎర్ర గీతను, ఆ రెండూ కలిసే వేళను చూపండి. వేరే అక్షరాలేవీ వద్దు. ఆ గీత ఎందుకు పడిపోతుందన్నది మీరు నోటితో చెప్పవలసిన మాట: నీటిలోని నాచు పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆ ఆక్సిజన్‌ను వాడుకుంటుంది, పగలంతా మబ్బు పట్టిన రోజున నిల్వ తక్కువగా ఉండి రాత్రి ప్రమాదం ముందే వస్తుంది. ఈ కారణాన్ని నాలుగు చుక్కల కింద నాలుగు వాక్యాలుగా తెర మీద రాస్తే శ్రోత మీకంటే ముందుగా చదివేసి, మీరు చెప్పేటప్పుడు పక్కవారితో ధర గురించి మాట్లాడుకుంటాడు. ఇక కాగితం మీద ఉండవలసినది తేదీ, వేళ, ఆక్సిజన్, పీహెచ్, నడుస్తున్న ఏరేటర్ల సంఖ్య నింపుకొనే ఖాళీ పట్టిక, దాని అడుగున రీడింగ్ 4 కంటే తగ్గితే ఏరేటర్లన్నీ వేసి తరువాతి పూట మేత ఆపాలన్న ఒక వాక్యం.

మేత లెక్క దీనికి భిన్నం, ఎందుకంటే అది చూస్తే రాదు, చేస్తేనే వస్తుంది. లక్ష పిల్ల వేసిన చెరువులో 80 శాతం బతికి, సగటు బరువు 15 గ్రాములుంటే మొత్తం బరువు 1,200 కిలోలు. రోజుకు 3 శాతం చొప్పున మేత 36 కిలోలు. ఈ ఒక్క లెక్కను తెర మీద అంచెలంచెలుగా విప్పుతూ, అదే సమయంలో రైతు తన చెరువు అంకెలను చేతిలోని కాగితంలో నింపుకొనేలా చేయండి. అందువల్ల ఈ కాగితం మాత్రం ముందుగానే పంచాలి. బరువును బట్టి మేత శాతాలు మారే పూర్తి పట్టిక దాని వెనక పుటలో ఉంటుంది, తెర మీదికి రానే రాదు. కరెంటు పోయినా ఈ భాగం ఆగదని వేరే చెప్పనక్కరలేదు.

ఒక చిన్న ఫిర్యాదు ఇక్కడే. ప్రింట్ మెనూలో పుటకు ఆరు స్లైడ్లు ముద్రించే సదుపాయానికి Handouts అని పేరు పెట్టిన వారు చాలామందిని తప్పుదారి పట్టించారు. పెద్ద తెర మీదనే కనబడని పట్టిక అగ్గిపెట్టెంత బొమ్మలో కనబడుతుందా? ఆ మెనూ వైపు పోకుండా, హ్యాండౌట్‌ను వర్డ్ ప్రాసెసర్‌లో విడిగా, రెండు పుటలకు మించకుండా తయారుచేయండి.

వెనక వరుసకు కనబడుతుందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. తెర వెడల్పు 5 అడుగులు, చివరి వరుస 40 అడుగుల దూరం అయితే ఆ వరుస తెర వెడల్పుకు 8 రెట్ల దూరంలో ఉన్నట్లు. మీ ల్యాప్‌టాప్ తెర సుమారు ఒక అడుగు వెడల్పు ఉంటుంది గనుక స్లైడ్‌ను తెరిచి 8 అడుగుల దూరంలో నిలబడి చదవండి. వత్తులు, గుడులు కలిసిపోయి 'త్త'కూ 'త్ర'కూ తేడా తెలియకపోతే మాటలు తగ్గించి అక్షరం పెంచాలి. కిటికీలు తెరిచి ఉన్న కల్యాణ మండపంలో పగటిపూట లేత రంగులు వెలిసిపోతాయని కూడా గుర్తుంచుకోండి.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది మీ చివరి మాట, ఆ ఫైలును గ్రూపులో పెట్టడం. గత ఏడాది ఒక సమావేశం తరువాత నాకు చేరిన ఫైలులో దిగుబడుల చార్టు మీద కుడి క్లిక్ చేసి Edit Data నొక్కితే, ఆ చార్టుకు సంబంధించిన నాలుగు అంకెలతో పాటు మొత్తం వర్క్‌బుక్ తెరుచుకుంది. పక్క షీటులో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత మేత అరువు తీసుకున్నారో అన్నీ ఉన్నాయి. పంపిన వ్యక్తి దాచాలనుకోలేదు, అక్కడ అది ఉందని ఎరుగడు. ఎక్సెల్ నుంచి చార్టును అతికించేటప్పుడు Embed Workbook అన్న ఎంపిక పడితే షీట్లన్నీ వెంట వస్తాయి. ఒక చార్టు కోసం ఊరి అప్పుల చిట్టాను మూటగట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్, ఆ సంగతి హెచ్చరించకపోవడం నిర్లక్ష్యమే.

మీ ఫైలును పరీక్షించాలంటే దాని నకలు తీసి, పేరు చివర `.pptx` బదులు `.zip` పెట్టి తెరవండి. లోపల ఈ ఫోల్డరు ఉందేమో చూడండి:

```
ppt/embeddings
```

అందులో `.xlsx` ఫైళ్లు కనబడితే ఆ చార్టులను ఒక్కొక్కటిగా `Ctrl+X`తో తీసి, `Ctrl+Alt+V` నొక్కి Picture (PNG)గా మళ్లీ అతికించండి. బొమ్మలను క్రాప్ చేసినా కత్తిరించిన భాగం ఫైలులోనే ఉంటుంది. Compress Picturesలో Delete cropped areas of pictures ఎంచుకుంటేనే అది పోతుంది. మీరు నోటితో చెప్పడానికి స్లైడ్ల కింద Notesలో రాసుకున్నవి కూడా ఫైలుతో పాటు వెళతాయి.

నోటితోనే ఉండవలసిన మాటలు కొన్ని ఉన్నాయన్నది ఇందువల్లే. ఫలానా చెరువు ఎందుకు దెబ్బతిన్నది, వచ్చే నెల 30 కౌంట్ ధర ఎలా ఉండవచ్చునని మీ అంచనా, ఏ హేచరీ సీడ్ మీద మీకు అనుమానం వంటివి తెర మీదికి ఎక్కితే ఒక్క ఫొటోతో సందర్భం తెగిపోయి ఊరూరా తిరుగుతాయి. వాటిని Notesలో కూడా రాయకండి, చిన్న చీటీ మీద రాసుకొని జేబులో పెట్టుకోండి.

గ్రూపులో పెట్టవలసినది పీపీటీ కాదు, ఆ రెండు పుటల హ్యాండౌట్ పీడీఎఫ్. పెట్టేముందు దానిని వేరొకరి ఫోన్‌లో తెరిచి, తెలుగు అక్షరాలు చెదరకుండా ఉన్నాయో లేదో, పెద్దది చేయకుండానే మేత పట్టిక చదవగలుగుతున్నారో లేదో చూడండి.