ఆఫీస్ 2024కి మళ్లీ డబ్బు పెట్టాలా?

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఆఫీస్ 2021 ఉంది. ఎక్కువగా వాడేది ఎక్సెలే. అప్‌డేట్లు ఉచితంగానే వస్తున్నాయి కదా, మరి 2024కి మళ్లీ ఎందుకు కొనాలి?

జవాబు: మీకు ఉచితంగా వచ్చేవి మరమ్మతులు మాత్రమే. భద్రతా లోపాలు సరిచేస్తారు, బగ్స్ తీసేస్తారు. ఎన్ని అప్‌డేట్లు వేసుకున్నా 2024లో చేర్చిన ఫంక్షన్లు 2021లోకి రావు. పాత వెర్షన్ ఉందని ధరలో తగ్గింపు కూడా ఉండదు, పూర్తి ధర పెట్టాల్సిందే. కాబట్టి కొత్త ఫంక్షన్లు మీ పనికి ఎంతవరకు అవసరమో ముందు చూడండి.

ఇతరులు పంపిన ఫైల్‌ను తెరిచి, అనుమానం ఉన్న గడిపై క్లిక్ చేసి ఫార్ములా బార్ చూడండి. అక్కడ ఫంక్షన్ పేరు ముందు `_xlfn.` అని ఇలా కనిపిస్తే ఆ ఫంక్షన్ మీ వెర్షన్‌లో లేనట్టే:

```
=_xlfn.TEXTSPLIT(A2,",")
```

ఇందులో ఒక ప్రమాదం ఉంది. గడిలో మాత్రం చివరిసారి లెక్కించిన ఫలితం మామూలుగానే కనిపిస్తుంది. A2లో ఏదైనా మార్చగానే అది `#NAME?` అయిపోతుంది. ఇలాంటి ఫైళ్లు మీకు వారం వారం వస్తుంటే కొనడానికి అది గట్టి కారణమే.

ఎప్పుడో ఒకసారైతే ఉన్నదాంతోనే పని జరుగుతుంది. `TEXTSPLIT` చేసినట్టు కామాల దగ్గర వచనాన్ని విడగొట్టడానికి Data ట్యాబ్‌లో Text to Columns ఉంది. అయితే మూలం మారితే ఫలితం దానంతట అది మారదు, మళ్లీ చేయాలి. పట్టికలను ఒకదాని కింద ఒకటి పేర్చే `VSTACK` కూడా 2021లో లేదు. ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీలోని Append ఆ పని చేసిపెడుతుంది, డేటా మారినప్పుడు Refresh నొక్కితే చాలు.

డబ్బు కట్టకుండానే పరీక్షించుకోవచ్చు. బ్రౌజర్‌లో నడిచే ఉచిత ఎక్సెల్‌లో ఈ రెండు ఫంక్షన్లూ ఉన్నాయి. మీ ఫైల్ కాపీ ఒకటి వన్‌డ్రైవ్‌లో పెట్టి అక్కడ తెరవండి, మీరు రోజూ చేసే పనిని కొత్త ఫంక్షన్లతో చేసి చూడండి. మిగిలే సమయం ఎంతో తెలిసిపోతుంది.

ఇక గడువు సంగతి. 2021కి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకే. ఆ తర్వాత కూడా ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు ఉండదు. బయటివాళ్ల నుంచి ఫైళ్లు తీసుకునేవారు ఆ తేదీ దాటి దానిపైనే ఉండిపోవడం నాకు సమ్మతం కాదు. 2024కి గడువు 2029 అక్టోబర్ 9. ఈ గడువు మీరు కొన్న రోజు నుంచి మొదలుకాదు, ఎప్పుడు కొన్నా ముగిసేది అదే తేదీన. కొనేముందు ఆ రోజుకు ఎన్ని నెలలు మిగిలాయో లెక్కపెట్టి ధరను వాటితో భాగించండి. నెలకు పడే ఆ మొత్తాన్ని మైక్రోసాఫ్ట్ 365 నెల చందాతో పోల్చి చూడండి.