కొత్త కస్టమర్ కోసం ఎంత పెట్టొచ్చు? మా నల్లగొండ షాపు లెక్క

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. చిన్న సర్వీస్ వ్యాపారం. మార్కెటింగ్‌కు ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి కస్టమర్ లైఫ్‌టైమ్ వాల్యూ, అంటే ఒక కస్టమర్ మనతో ఉన్నన్నాళ్లూ మొత్తం ఎంత తెచ్చిపెడతాడో, లెక్కెయ్యమంటున్నారు. మన లాంటి ఊళ్లలో అది నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే అమ్మకం మీద కాదు, మిగులు మీద వేయాలి. పుస్తకంలో ఉన్న వడ్డీ కాదు, మనం నిజంగా కట్టే వడ్డీ పెట్టాలి. ఈ రెండూ తప్పితే లెక్క వేయకపోవడమే మేలు, ఎందుకంటే తప్పుడు లెక్క ధైర్యంగా ఖర్చు పెట్టిస్తుంది.

మాది నల్లగొండలో ఆర్వో వాటర్ ప్యూరిఫయర్ల షాపు. అమ్మకం, సర్వీసు రెండూ. ఒక దసరా ముందు కంపెనీ ఏరియా మేనేజర్ స్కీమ్ పట్టుకుని వచ్చాడు. మెషిన్ బుక్ చేసిన వాళ్లకు మిక్సీ ఫ్రీ, ఊరూరా ఆటోలో మైకు, మండల కేంద్రాల్లో క్యాంపులు. అన్నీ కలిపి ఒక్కో కొత్త కస్టమర్‌కు 3,000 దాకా పడుతుంది, అది డీలరే పెట్టుకోవాలి. "అన్నా, ఏఎంసీ, అదే ఏడాది సర్వీసు కాంట్రాక్టు, 3,500. అయిదేండ్లకు ఎంత? పదిహేడు వేల అయిదొందలు! దానికోసం మూడు వేలు పెట్టలేవా?" అన్నాడు. మాట వినడానికి ఎంత బాగుందంటే, పక్కనే కూర్చున్న మా తమ్ముడు అప్పటికే తల ఊపేస్తున్నాడు.

నేను ఏఎంసీ రిజిస్టర్ తెచ్చి అతని ముందే పెట్టాను.

ముందు ఆ 3,500 సంగతి. జీఎస్టీ పోను వచ్చేది అది. అందులోంచి ఏడాదికి ఒక ఫిల్టర్ల సెట్టు, మెంబ్రేన్ ఖరీదులో ఆ ఏడాది వాటా, విజిట్లకు పెట్రోలు, టెక్నీషియన్‌కు విజిట్ లెక్కన ఇచ్చేది తీసేస్తే 2,300 పోతుంది. చేతిలో మిగిలేది 1,200. షాపు కిరాయి, కరెంటు బిల్లు ఇందులో వేయలేదు. ఒక ఇల్లు పెరిగినంత మాత్రాన అవి పెరగవు. ఇంకో ఇల్లు వస్తే ఏ ఖర్చు పెరుగుతుందో అదే తీసేయాలి. అయితే ఇళ్లు బాగా పెరిగి ఇంకో మనిషిని నెల జీతం మీద పెట్టుకోవాల్సి వస్తే ఈ 1,200 మారిపోతుంది, అప్పుడు మళ్లీ వేసుకోవాలి.

ఇక వంద మంది మెషిన్ కొంటే అందరూ ఏఎంసీ కట్టరు. మొదటి ఏడు వారంటీ. అది అయ్యాక మా దగ్గర వందలో 60 మంది ఏఎంసీ తీసుకుంటారు. రెండో ఏటికి 45, మూడో ఏటికి 36, ఆ తర్వాత 30, 25. ఇక్కడొకటి గమనించండి. మొదట్లో ఒక్కసారే నలభై మంది పోయారు, తర్వాత పోయేవాళ్లు తగ్గుతూ వచ్చారు. రెండేళ్లు నిలిచినవాడు అంత తేలిగ్గా కదలడు. అందుకే "ఏడాదికి సగటున ఇంతమంది పోతారు" అని ఒకే శాతం పట్టుకుని అన్నేళ్లకూ వేసే లెక్కను నేను నమ్మను. మొదటి రెన్యువల్‌ను విడిగా చూడాల్సిందే.

తర్వాత వడ్డీ. స్టాకు కోసం నేను తెచ్చే డబ్బుకు నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ఏడాది తర్వాత వచ్చే 1,240 నాకు ఇవాళ్టి 1,000తో సమానం. కాబట్టి ఏడాది తర్వాత వచ్చేదాన్ని 1.24తో భాగించాలి, రెండేళ్ల తర్వాత వచ్చేదాన్ని రెండుసార్లు, అలా ఎన్నేళ్లు ఆగాలో అన్నిసార్లు.

రిజిస్టర్ వెనక పేజీలో ఇలా వేశాను. మొదటి రెన్యువల్: 1,200లో 60 శాతం 720, ఇవాళ్టి విలువ 581. రెండోది: 45 శాతం 540, ఇవాళ్టికి 351. మూడోది 227, నాలుగోది 152, అయిదోది 102. మొత్తం సుమారు 1,410. మెషిన్ అమ్మిన రోజు వచ్చే మిగులు, మొదటి ఏడాది ఫ్రీ సర్వీసులు పోను, 1,500. రెండూ కలిపితే 2,910.

పదిహేడు వేల అయిదొందలు ఎక్కడ, 2,910 ఎక్కడ! ఆ మేనేజర్ వేసింది అమ్మకం లెక్క, అదీ వందకు వంద మందీ అయిదేళ్లూ నిలుస్తారని, అయిదో ఏట వచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయితో సమానమని. కొత్త కస్టమర్ మీద 3,000 పెడితే మనం పనిచేసి మన జేబులోంచే 90 రూపాయలు ఇచ్చినట్టు.

"వడ్డీ అంత ఎందుకేస్తున్నవ్ అన్నా, బ్యాంకు వడ్డీ వెయ్" అన్నాడు. వేశాను. 12 శాతం పెడితే రెన్యువల్స్ విలువ 1,410 నుంచి 1,780కి పెరుగుతుంది. నాకు బ్యాంకు 12కి ఇచ్చినప్పుడు ఆ లెక్కే వేసుకుంటా. ఇవ్వనప్పుడు అది ఇంకెవరి లెక్కో. పెద్ద సిటీల వాళ్లు రాసే వ్యాసాల్లో 8, 10 శాతం వేసి చూపిస్తారు, మన దగ్గర చిన్న షాపు వాళ్లు దాన్నే కాపీ కొడతారు. బయటి అప్పు మీద నడిచే షాపుకు దూరపు ఏళ్ల డబ్బు విలువ చాలా తక్కువ. నా లెక్కలో అయిదో ఏట వచ్చే రూపాయి ఇవాళ 34 పైసలే.

ఇంతవరకూ మామూలు కస్టమర్ సంగతి. అసలు పేచీ ఏంటంటే, స్కీముకు వచ్చేవాడు మామూలు కస్టమర్ కాదు.

అంతకుముందు చండూరులో కంపెనీ వాళ్లే ఒక క్యాంపు పెట్టారు. సర్వీసు చూసుకోమని మమ్మల్ని పిలిచారు. టేబుల్ మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల మెషిన్ నీళ్లు. రెండింటిలోనూ ఇనుప కడ్డీలున్న చిన్న పరికరం ముంచి కరెంటు పెట్టారు. బోరు నీళ్లు నిమిషంలో గోధుమ రంగు తిరిగి, పైన తెట్టె కట్టి, అడుగున బురదలాగా అయ్యాయి. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లు "అయ్యో, ఇవేనా మేం తాగేది" అని నోళ్లు నొక్కుకున్నారు. అప్పటికప్పుడు బుకింగులు. ఆ రంగు నీళ్లలోది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఇనుము కరిగి తుప్పు వస్తుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి రాదు. మంచి మినరల్ వాటర్‌లో ముంచినా రంగు వస్తుంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. చండూరు, మునుగోడు, మర్రిగూడ వైపు జనానికి ఫ్లోరైడ్ గురించి ఎవరూ కొత్తగా భయం పెట్టక్కర్లేదు. వంకర తిరిగిన కాళ్లను, వంగని నడుములను కళ్లారా చూసినవాళ్లు. వాళ్లకు చెప్పాల్సింది లీటరుకు ఫ్లోరైడ్ ఎంత అని. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. టీడీఎస్ మీటర్ ఆ సంగతి చెప్పదు, కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెబుతుంది, అంతే. మెషిన్‌లోకి వెళ్లే నీళ్లకూ బయటికి వచ్చే నీళ్లకూ టీడీఎస్ తేడా తగ్గుతూ వస్తే మెంబ్రేన్ పాడవుతోందని తెలుస్తుంది, దానికి మాత్రం ఆ మీటర్ బాగా పనికొస్తుంది. ఫ్లోరైడ్‌కు విడిగా టెస్టు చేయించాల్సిందే.

ఏడాది తర్వాత ఆ క్యాంపు ఇళ్లకు ఏఎంసీ కోసం ఫోన్లు చేశాం. ఒక పెద్దమ్మ అన్న మాట: "నీళ్లు మంచిగనే వస్తున్నయి గద బిడ్డా, మళ్ల మూడున్నర వేలెందుకు?" ఆమె తప్పేం లేదు. రంగు చూపించి కొనిపించారు, ఇప్పుడు రంగు లేదు. మెంబ్రేన్ అరిగిపోతే ఫ్లోరైడ్ మళ్లీ లోపలికి వస్తుందని, అది కంటికి కనపడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ క్యాంపు వాళ్లలో వందకు 35 లెక్కన కట్టారు. ఆ తర్వాతి ఏళ్లలో మిగతావాళ్లలాగే నిలుస్తారని దయతో అనుకున్నా, వాళ్ల రెన్యువల్స్ ఇవాళ్టి విలువ 824. అమ్మకం మిగులు కలిపితే 2,324. అలాంటి కస్టమర్‌కు 3,000 పెడితే మనిషికి దాదాపు 700 నష్టం.

ఆ రోజు మేనేజర్‌కు ఇదంతా చెప్పి స్కీమ్ వద్దన్నాను. మిక్సీలు ఇంకో డీలర్‌కు వెళ్లాయి.

మీ ప్రశ్నకు అసలు జవాబు నా దృష్టిలో ఇది: ఒకే లైఫ్‌టైమ్ వాల్యూ అని ఉండదు, ఏ దారిలో వచ్చినవాళ్లకు ఆ లెక్క. మీ రిజిస్టర్‌లో ప్రతి కొత్త కస్టమర్ పేరు పక్కన ఎలా వచ్చాడో రాయండి: క్యాంపా, ఫ్లెక్సీ చూసా, ఫేస్‌బుక్‌లోనా, తెలిసినవాళ్లు చెప్తేనా. ఏడాది తిరిగేసరికి ఎవరు నిలిచారో తెలుస్తుంది. మా దగ్గర పాత కస్టమర్ చెప్తే వచ్చినవాళ్లే ఎక్కువ నిలుస్తారు. అందుకని మనిషిని పంపిన పాత కస్టమర్‌కు ఒక ఫిల్టర్ మార్పు ఫ్రీగా చేస్తాం, మాకు 400 పడుతుంది. కానీ దాన్ని 800 చేస్తే రెట్టింపు మంది రారు, ఒక్కొక్కరికి ఉండే చుట్టాలు, ఇరుగుపొరుగు అంతే కదా. ఏ ప్రచారమైనా ఇంతే. ఇంతదాకా వచ్చినవాళ్ల సగటు ఖర్చు చూసి మురిసిపోవద్దు. కొత్తగా ఇంకో పది వేలు పెడితే ఇంకా ఎంతమంది వచ్చారో చూసి, ఆ కొత్తవాళ్లకే ఆ పది వేలను పంచి చూడండి.

ఇంకో సంగతి మార్కెటింగ్ పుస్తకాలు చివర్లో పెడతాయి, నేనైతే ముందు పెడతాను. మొదటి రెన్యువల్ 60 నుంచి 70కి పెరిగితే ప్రతి కొత్త కస్టమర్ విలువ 235 రూపాయలు పెరుగుతుంది. దానికి మేము చేసింది వారంటీ అయిపోయే ముందు నెలలో టెక్నీషియన్‌ను పంపి, ఇంటావిడ ముందే లోపలి నీళ్లు, బయటి నీళ్లు టీడీఎస్ చూపించి, పాత ఫిల్టర్ విప్పి చేతిలో పెట్టడం. విజిట్‌కు వంద పడుతుంది. వంద పెట్టి 235 తెచ్చే ప్రచారం ఏ ఫ్లెక్సీలోనైనా ఉంటే నాకు చూపించండి.

ఇక ఎంత పెట్టొచ్చు అంటే, లైఫ్‌టైమ్ వాల్యూ మొత్తం ఎప్పుడూ పెట్టకూడదు. అది పెడితే ఏమీ మిగలని గీత. పైగా ఖర్చు ఇవాళ పోతుంది, రెన్యువల్ వస్తుందో రాదో. మిషన్ భగీరథ నీళ్లు నల్లాకు సరిగ్గా వచ్చే ఊళ్లలో మా ఏఎంసీలు తగ్గాయి. జనానికి మంచి నీళ్లు రావడం మంచిదే, కానీ నేను వేసుకున్న 60, 45, 36 అక్కడ చెల్లలేదు. అందుకే మా షాపులో కొత్త కస్టమర్ మీద పెట్టేది అమ్మకం మిగులు 1,500 దాటదు. రెన్యువల్స్ ఎన్ని వచ్చినా అవి లాభం కిందికే పోతాయి. మీ వ్యాపారంలో మొదటి రోజే వచ్చే మిగులు లేకపోతే, మొదటి రెన్యువల్ ఇవాళ్టి విలువలో సగం దగ్గర మొదలుపెట్టి, రిజిస్టర్‌లో ఒక ఏడాది రికార్డు తయారయ్యాక పెంచుకోండి.