బ్రాంకియోలైటిస్: దగ్గు కన్నా ముందు పాలు చూడండి

ప్రశ్న: మా బాబుకు నాలుగో నెల. మూడు రోజులుగా జలుబు, దగ్గు, పిల్లికూతలు. బ్రాంకియోలైటిస్ అన్నారు. యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చి, రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టారు. తగ్గలేదు. నిన్నటి నుంచి పాలు కూడా కొంచెం తక్కువ తాగుతున్నాడు. మందు మార్చాలా? ఇంటికే నెబ్యులైజర్ కొనమంటారా?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: మెషీన్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా. పాలు తగ్గాయని చివర్లో రాశారు, నాకు టెన్షన్ అంతా అక్కడే. ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. బ్రాంకియోలైటిస్‌లో లాగా ముక్కు దిబ్బడేసి, ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాలు వాచి ఉంటే పాలు చీకడం, ఊపిరి తీసుకోవడం రెండూ కలిసి సాగవు. నాలుగు గుక్కలు తాగి, రొమ్ము వదిలేసి, ఎగపోస్తాడు. మళ్లీ పట్టుకుంటాడు, మళ్లీ వదిలేస్తాడు. మీ బాబు అలాగే చేస్తున్నాడా? రోజుకు ఎనిమిదిసార్లు బాగా తాగేవాడు, నిన్నటి నుంచి అందులో సగమే తాగాడంటే, లేదా పన్నెండు గంటలుగా ఉచ్చ పోయలేదంటే, ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించాలి. ఈ జబ్బు మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ముదురుతుంది. మీరింకా మూడో రోజులోనే ఉన్నారు.

నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 50 దాటితే చూపించాలి. 60 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా ఆలస్యం చేయొద్దు. పెదాలు నీలంగా మారినా, మధ్యలో ఊపిరి ఆగుతున్నా 108కి ఫోన్ చేయండి. ఆక్సిజన్ కావాలా వద్దా అన్నది ఆసుపత్రిలో పాదానికి క్లిప్ పెట్టి చూస్తారు. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం లోపే ఉండిపోతుంటే పెడతారు. ఆరు వారాల లోపు పిల్లలకూ గుండె జబ్బు ఉన్నవారికీ 92 లోపున్నా పెడతారు. పెద్దవాళ్ల వేలికి పెట్టే క్లిప్‌ను బాబుకు పెట్టి, ఆ అంకె నమ్మకండి.

ఇక మందులు. దీనికి కారణం వైరస్, ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు, విరేచనాలు మాత్రం పట్టుకోవచ్చు. న్యుమోనియా అనుమానం ఉంటే వేరే సంగతి. కాబట్టి వాడుతున్నది ఆపాలా అన్నది బాబును చూసిన డాక్టరే చెప్పాలి. నెబ్యులైజర్‌లో వేసే సాల్బుటమాల్, బిగుసుకున్న గాలిగొట్టం కండరాన్ని వదులు చేస్తుంది. ఆస్తమాలో అది పనిచేస్తుంది. ఇక్కడ గొట్టం మూసుకుపోయింది వాపుతో, కఫంతో. అందుకే చాలామంది పసివాళ్లలో ఫలితం కనిపించదు. కొనొద్దు. డబ్బు పోతే పోయింది, 'ఇంకోసారి పెట్టి చూద్దాం' అంటూ రాత్రంతా ఇంట్లోనే గడిపేసి, తెల్లవారి డొక్కలెగరేస్తున్న బిడ్డతో కర్నూలు బయల్దేరేవాళ్లను చూస్తుంటాం. ఆ ప్రయాణానికే గంటలు పడుతుంది.

బాగా తాగే బిడ్డకైతే ఇంట్లో చేయగలిగింది కొంచెమే. పాలకు ముందు ఒక్కో ముక్కులో రెండు సెలైన్ చుక్కలు వేసి, కాసేపాగి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి. అమ్మమ్మలు కోప్పడినా సరే, ముక్కులో నూనె వేయొద్దు, సాంబ్రాణి పొగ పెట్టొద్దు. పాలు, ఊపిరి బాగుండి దగ్గు ఒక్కటే మిగిలితే అది రెండు మూడు వారాలు సాగొచ్చు. దానికని దగ్గు సిరప్‌లు పట్టకండి.