పాట కొనరు, కౌలుకి తీసుకుంటారు

ప్రశ్న: "ఎప్పటివో రాక్ పాటలు ఏదో సిరీస్‌లోనో యాడ్‌లోనో రాగానే మళ్లీ హిట్టయిపోతున్నాయి, ఎలా? అసలు వాళ్లు ఆ పాటని ఎవరి దగ్గర కొంటారు? నా షార్ట్ ఫిల్మ్‌లో నేనూ అలా పెట్టుకోవచ్చా?"

కొనరండీ, కౌలుకి తీసుకుంటారు. మా కోనసీమలో కొబ్బరి తోట కౌలుకిచ్చినట్టే. తోట ఆసామిదే ఉంటుంది, ఇన్నేళ్లు, ఇంత డబ్బు, కాయ నీది, చెట్టు జోలికి రాకూడదు అని ముందే మాట్లాడుకుంటాం కదా. పాటకైతే ఎన్ని సెకన్లు, ఎన్నాళ్లు, ఏ దేశాల్లో, టీవీలోనా నెట్‌లోనా థియేటర్‌లోనా, ఏ సీన్ మీద అని రాసుకుంటారు. బొమ్మకి పాటని జత చేసే ఈ అనుమతే సింక్ లైసెన్స్.

చిక్కంతా ఎక్కడంటే ఒక్కో పాటకి ఇద్దరు ఆసాములు. రాసి బాణీ కట్టినవాళ్ల హక్కు ఒకటి, దాన్ని సాధారణంగా పబ్లిషర్ చూసుకుంటాడు. స్టూడియోలో రికార్డయిన ఆ శబ్దం మీద హక్కు ఇంకోటి, దాన్ని మాస్టర్ అంటారు, అది ఎక్కువగా రికార్డు కంపెనీ దగ్గర ఉంటుంది. ఇద్దరిలో ఒకరు కాదన్నా పని ఆగిపోతుంది.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. అమలాపురంలో ఎడిటింగ్ చేస్తాను. నాలుగేళ్ల కిందట అంబాజీపేటలో మా మావయ్య కొబ్బరి పీచు పట్టాల వ్యాపారానికి 40 సెకన్ల యాడ్ చేసి, పీచు తాడు పేనుతున్న చేతుల మీద డెబ్బైల నాటి ఒక రాక్ పాట గిటార్ ముక్క పెట్టాను. చాలా బాగా కుదిరింది. అప్‌లోడ్ చేసిన మర్నాటికే వీడియో బ్లాక్ అయింది, మావయ్య ఫోన్ చేసి "ఏరా, మన యాడ్ కనబడట్లేదేంటి?" అంటే నాకు నోట మాట రాలేదు.

అప్పుడు రెండు చోట్లకీ మెయిల్ పెట్టాను. పబ్లిషర్ వాళ్లు సీన్ వివరం, నిడివి, గడువు, దేశాలు అన్నీ అడిగి ఒక రేటు చెప్పారు. ఆ మెయిల్లో చివరి లైన్ చూడండి: రికార్డు కంపెనీకి ఎక్కువ ఇస్తే మాకూ అంతే ఇవ్వాలి. దీన్ని మోస్ట్ ఫేవర్డ్ నేషన్స్ షరతు అంటారు. అందుకే బడ్జెట్ వేసేటప్పుడు ఇద్దరిలో ఎక్కువ చెప్పినవాళ్ల రేటుని రెండింతలు చేసి చూసుకోవాలి. ఆరు వారాలు ఎదురుచూసినా రికార్డు కంపెనీ నుంచి జవాబు రాలేదు, దాంతో ఆ పాట వదిలేశాను.

"మనమే వాయించుకుంటే సరిపోదా?" అని అందరూ అడుగుతారు. మాస్టర్ అక్కర్లేదు, నిజమే, కానీ బాణీ హక్కుదారుడి అనుమతి మాత్రం కావాల్సిందే. మన కాపీరైట్ చట్టంలో 31సి అనే సెక్షన్ కింద, మొదటి రికార్డు చేసిన ఏడాది ముగిశాక ఇంకో ఐదేళ్లు గడిస్తే, రాయల్టీ కట్టి కవర్ వెర్షన్ చేసుకోవచ్చు. అయితే అది ఆడియో రికార్డుకే, దాన్ని వీడియోకి జత చేయడానికి పనికిరాదు.

ఇక హిట్టవడం సంగతి. ది క్లాష్ బ్యాండ్ పాట 'షుడ్ ఐ స్టే ఆర్ షుడ్ ఐ గో' 1982లో బ్రిటన్ చార్టులో 17 దాకానే వెళ్లింది, బ్యాండ్ 1986లో విడిపోయింది. 1991లో లీవైస్ జీన్స్ యాడ్‌లో వచ్చింది, ఆ ఊపులోనే సింగిల్‌ని మళ్లీ విడుదల చేశారు, నంబర్ వన్ అయింది. రీరిలీజే ఇక్కడ కీలకం. అప్పట్లో యాడ్ చూసి షాపుకెళ్తే సరుకు దొరకాలి కదా, లేకపోతే ఆ ఊపు అక్కడితో సరి.

ఇప్పుడు ఆ పని స్ట్రీమింగ్ చేస్తోంది. గాయని కేట్ బుష్ 1985 నాటి 'రన్నింగ్ అప్ దట్ హిల్' 2022లో స్ట్రేంజర్ థింగ్స్ సిరీస్‌లో వచ్చి ఆ జూన్‌లోనే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అప్పట్లో మూడో స్థానం దగ్గరే ఆగిన పాట. ఏదో మూల పది సెకన్లు వినబడితే ఇంత జరిగేది కాదని నా గట్టి నమ్మకం. మ్యాక్స్ అనే అమ్మాయి ప్రాణం నిలబెట్టేది ఆ పాటే, కథ నుంచి దాన్ని తీసేయలేరు. పైగా మాస్టర్ కేట్ బుష్ చేతిలోనే ఉంది, కాబట్టి ఆ స్ట్రీమింగ్ డబ్బులో కంపెనీకి పోకుండా ఆమెకే చేరే వాటా పెద్దది.

మీ షార్ట్ ఫిల్మ్‌కి వస్తే, మొదట ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో చూపించడానికి మాత్రమే ఇచ్చే ఫెస్టివల్ లైసెన్స్ అడగండి, మామూలు రేటు కంటే బాగా తక్కువలో అయ్యే అవకాశం ఉంది. అదే మెయిల్లో, రేపు ఓటీటీ తీసుకుంటే ఎంత కట్టాలో కూడా ఇప్పుడే రాయించుకోండి. సినిమా అమ్ముడయ్యాక అడిగితే రేటు వాళ్లిష్టం. ఇద్దరి దగ్గరా కాగితం చేతికొచ్చేదాకా ఆ పాట మీద ఎడిటింగ్ లాక్ చేయొద్దు. నేను చివరికి రావులపాలెం కుర్రాడొకడి చేత కొత్త గిటార్ ముక్క కట్టించి, బాణీకీ రికార్డింగ్‌కీ రెండిటికీ విడివిడిగా సంతకం తీసుకున్నాను. ఆ యాడ్ ఇప్పటికీ నడుస్తోంది.