స్తూపం పగోడా ఎలా అయింది?

“సాంచీ స్తూపమే జపాన్ పగోడా అయిందంటారు. నాకు పోలికే కనబడలేదు. ఎలా గుర్తుపట్టాలి?”

అంతస్తులు వదిలేసి కొస చూడండి. జపాన్‌లో నారా ప్రాంతంలోని హోర్యూజీ బౌద్ధాలయపు పగోడాకు అయిదు కప్పులు. వాటిపైన లోహపు కడ్డీ ఉంటుంది. దాని అడుగున బోర్లించిన గిన్నెలాంటి భాగమే స్తూపపు అండం, పైనున్న 9 వలయాలు ఛత్రాలు. స్తూపం మొత్తం చిన్నదై కప్పెక్కిందన్నమాట!

ఇది దారిలో జరిగిన మార్పు. వర్తకుల వెంట బౌద్ధం వాయవ్యాన ఉన్న గాంధారం చేరాక స్తూపం పీఠం ఎత్తు పెరిగింది, గొడుగులూ పెరిగాయి. చైనాలో అప్పటికే అంతస్తుల కొయ్య బురుజులు కట్టేవారు. స్తూపాన్ని వాటి నెత్తిన నిలిపారు.

స్తూపంలో దాచే బుద్ధుడి అవశేషాలు, అంటే ధాతువులు, మాత్రం కిందే ఉండిపోయాయి. హోర్యూజీలో అవి నడిమి స్తంభం పునాది రాతిలో ఉన్నాయి. పై అంతస్తుల్లో గదులు వెతక్కండి, అవి మనుషులు ఉండటానికి కట్టినవి కావు.